పిల్లలు వయసు తప్పు చెప్పి తెరిచిన అకౌంట్: మూసేయడం, డేటా చెరిపించడం

పదేళ్ల పాపకు ఇన్‌స్టాగ్రామ్ అకౌంట్ ఉందని తెలియగానే చాలామంది ముందుగా ఫోన్ తీసుకుని యాప్ తొలగిస్తారు. దానివల్ల ఫోన్‌లో కాస్త చోటు మిగులుతుంది తప్ప అకౌంట్‌కు ఏమీ కాదు. పాప పెట్టిన ఫొటోలు, పంపిన మెసేజ్‌లు, ఏ వీడియోలు చూసిందన్న లెక్క అన్నీ కంపెనీ సర్వర్లలో అలాగే ఉంటాయి. కొత్తవాళ్లు పంపే మెసేజ్‌లు ఆ ఇన్‌బాక్స్‌లో పడుతూనే ఉంటాయి. పాప మరో ఫోన్‌లో పాస్‌వర్డ్ కొట్టిందంటే అంతా మళ్లీ ముందుకొస్తుంది.

యాప్ తీసేయడం, అకౌంట్‌ను తాత్కాలికంగా ఆపడం, అకౌంట్‌ను శాశ్వతంగా డిలీట్ చేయడం, కంపెనీ దగ్గరున్న డేటాను చెరిపించడం: ఈ నాలుగూ వేర్వేరు పనులు. చివరి రెండూ జరిగితేనే పని పూర్తయినట్టు. వాటిని ఏ వరుసలో చేస్తామన్నది కూడా ముఖ్యమే. వరుస తప్పితే మధ్యలో తలుపులు మూసుకుపోయి, ఏ ఆధారమూ చేతిలో లేకుండా కంపెనీని బతిమాలుకోవాల్సి వస్తుంది.

వివరంగా చూడటానికి ఒక ఉదాహరణ తీసుకుందాం. పాపకు పదేళ్లు. ఇంట్లో పక్కన పడేసిన పాత ఫోన్‌లో ముందుగా ఒక జీమెయిల్ తెరిచింది, పుట్టిన సంవత్సరం 2004 అని ఇచ్చింది. ఆ జీమెయిల్‌తోనే ఇన్‌స్టాగ్రామ్‌లో చేరింది. తర్వాత ఒక ఆన్‌లైన్ గేమ్‌లో పేరూ పాస్‌వర్డూ పెట్టే పని లేకుండా "Sign in with Google" నొక్కి లోపలికి వెళ్లింది. ఇంట్లోవాళ్లకు కనిపించింది ఇన్‌స్టాగ్రామ్ ఒక్కటే, కానీ మూయాల్సినవి మూడు ఉన్నాయి.

## 2004 అన్న అబద్ధం వల్ల జరిగేది

ఇన్‌స్టాగ్రామ్‌కు కనీస వయసు 13. అయితే పాప తనకు 13 అని కాకుండా ఏకంగా పెద్దవాళ్ల వయసు ఇచ్చింది. 2024 సెప్టెంబరు నుంచి ఇన్‌స్టాగ్రామ్ 18 ఏళ్లలోపు వాళ్లకు టీన్ అకౌంట్లు అమలు చేయడం మొదలుపెట్టింది. వాటిలో ప్రొఫైల్ మొదటినుంచీ ప్రైవేట్‌గా ఉంటుంది, ముక్కూమొహం తెలియనివాళ్లు మెసేజ్ పంపకుండా అడ్డు ఉంటుంది. సిస్టమ్ లెక్కలో పాప పెద్దమనిషి కాబట్టి ఈ రక్షణలేవీ ఆ అకౌంట్‌కు పడవు.

"అయితే సెట్టింగ్స్‌లోకి వెళ్లి పుట్టినతేదీ సరిచేస్తే సరిపోదా?" అని చాలామంది అడుగుతారు. ఆ పని ముందుగా మాత్రం చేయకండి. అకౌంట్ 13 ఏళ్లలోపు పిల్లలదని కంపెనీకి తెలిస్తే దాన్ని నిలిపేస్తుంది. అప్పుడు లోపల ఏముందో చూడటానికీ, కాపీ తీసుకోవడానికీ, పాపతో ఎవరు మాట్లాడారో తెలుసుకోవడానికీ మీకు దారి ఉండదు. అసలు వయసు కంపెనీకి చెప్పి తీరాలి, కానీ అది లోపలి పనులన్నీ అయ్యాక.

## ముందు అకౌంట్లన్నీ వెతకండి

మొదట పాపతో కూర్చోండి. కోపంగా అడిగితే ఒక అకౌంట్ చూపించి రెండోది దాచేస్తారు, పిల్లల్లో ఇది మామూలే. ఫోన్ పోతుందన్న భయం లేకుండా అడిగితే పాస్‌వర్డ్ కూడా వాళ్లే చెబుతారు. పాస్‌వర్డ్ ఉంటే పని చాలా తేలిక.

తర్వాత ఫోన్‌లో నాలుగు చోట్ల చూడండి. జీమెయిల్ ఇన్‌బాక్స్‌లో "welcome", "verify", "confirm" అన్న మాటలతో వెతికితే ఎక్కడెక్కడ చేరారో బయటపడుతుంది. స్పామ్, ట్రాష్ ఫోల్డర్లూ వదలకండి. ఫోన్ సెట్టింగ్స్‌లో దాచిన పాస్‌వర్డ్‌ల జాబితా చూడండి. తర్వాత బ్రౌజర్‌లో `myaccount.google.com/connections` తెరిస్తే గూగుల్ అకౌంట్‌తో లాగిన్ అయిన యాప్‌లు, సైట్లు కనిపిస్తాయి. మన ఉదాహరణలో గేమ్ సంగతి తేలేది ఇక్కడే. ఇక ప్లే స్టోర్‌లో ప్రొఫైల్ బొమ్మ నొక్కి Manage apps & device, ఆపైన Manage లోకి వెళ్లి, జాబితాను Not installed కు మార్చండి. ఒకప్పుడు వేసి తీసేసిన యాప్‌లు వస్తాయి. యాప్ ఫోన్‌లో లేకపోయినా దాని అకౌంట్ ఉండి ఉండొచ్చు.

ఇన్‌స్టాగ్రామ్ యాప్‌లో అడుగున ఉన్న ప్రొఫైల్ బొమ్మను కాసేపు నొక్కి పట్టుకుంటే ఆ ఫోన్‌లో లాగిన్ అయిన అకౌంట్లన్నీ కనిపిస్తాయి. స్నేహితులకు మాత్రమే తెలిసిన రెండో అకౌంట్ ఉంటే ఎక్కువగా ఇక్కడే దొరుకుతుంది.

## చెరిపేముందు మెసేజ్‌లు చూడండి

ఈ మెట్టును తొందరలో దాటేయకండి. పాపతో పెద్దవాళ్లెవరైనా మాట్లాడి ఉంటే, ఫొటోలు అడిగి ఉంటే, బెదిరించి ఉంటే, ఆ అకౌంటే ఆధారం. డిలీట్ చేస్తే అవతలివాడికే మేలు జరుగుతుంది.

మెసేజ్‌లతో పాటు Message requests అన్న విడి పెట్టెను కూడా తెరవండి. తెలియనివాళ్ల మెసేజ్‌లు చేరేది అందులోకే. అనుమానించదగ్గది కనిపిస్తే స్క్రీన్‌షాట్ తీయండి. అందులో అవతలివాళ్ల యూజర్‌నేమ్, తేదీ, సమయం కనిపించాలి. వాళ్ల ప్రొఫైల్ లింకును విడిగా రాసిపెట్టుకోండి. తెర మీద కనిపించే పేరు ఎప్పుడైనా మార్చుకోవచ్చు కాబట్టి పేరొక్కటే చాలదు. వాళ్లకు జవాబు ఇవ్వకండి, బ్లాక్ కూడా చేయకండి. ముందు పోలీసుల సైబర్ విభాగానికి ఫిర్యాదు చేసి, వాళ్లు సరేనన్నాకే మూసే పని మొదలుపెట్టండి.

ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. పాప ఒంటిని చూపే ఫొటోలు, వీడియోలు ఉంటే వాటికి స్క్రీన్‌షాట్ తీయొద్దు, మీ ఫోన్‌కు పంపుకోవద్దు, ఇంకొకరికి చూపించడానికి ఫార్వర్డ్ చేయొద్దు. ఆధారం కోసమే అయినా అలాంటి కాపీ తయారు చేయడం, దగ్గర పెట్టుకోవడం చాలా దేశాల్లో నేరం. అవి అకౌంట్‌లో ఫలానా చోట ఉన్నాయని పోలీసులకు చెప్పండి. ఆ ఫొటోలు ఇంకెక్కడా పాకకుండా ఆపడానికి `takeitdown.ncmec.org` అనే ఉచిత సేవ ఉంది. ఫొటోను ఎవరికీ పంపనక్కర్లేదు. మీ దగ్గరున్న ఫోన్‌లోనే దానికి ఒక సంఖ్యల గుర్తు తయారై, ఆ గుర్తు మాత్రమే ఇందులో చేరిన కంపెనీలకు అందుతుంది.

## తాళాలు మీ చేతికి తెచ్చుకోండి

జీమెయిల్‌ను ఇప్పుడు ముట్టుకోకండి. మొదటే దాన్ని డిలీట్ చేయడం అన్నిటికంటే ఎక్కువగా జరిగే పొరపాటు. ఇన్‌స్టాగ్రామ్ పాస్‌వర్డ్ మార్చే లింకు, అడిగిన డేటా కాపీ సిద్ధమైందన్న కబురు, కంపెనీ జవాబు అన్నీ ఆ మెయిల్‌కే వస్తాయి. ఆ అకౌంట్ యజమాని తరఫున రాస్తున్నది మీరేనని నిరూపించే గట్టి ఆధారమూ అదే. అందుకే జీమెయిల్ అన్నిటికంటే చివరన వెళ్లాలి. పాప వాడిన ఫోన్ నంబరు సిమ్‌ను కూడా అప్పటిదాకా పనిచేయనివ్వండి.

ముందు జీమెయిల్ పాస్‌వర్డ్, తర్వాత ఇన్‌స్టాగ్రామ్ పాస్‌వర్డ్ మార్చండి. ఆపైన ఇన్‌స్టాగ్రామ్ Settings లో ఉండే Accounts Center లో Password and security, అందులో Where you're logged in తెరిచి, మీ చేతిలో ఉన్న ఫోన్ తప్ప మిగతా పరికరాలన్నిటినీ లాగ్ అవుట్ చేయండి. దీనికి ఒక కారణం ఉంది. డిలీట్ నొక్కాక 30 రోజుల గడువు నడుస్తుంది. ఆ లోపు అకౌంట్‌లోకి ఎవరు లాగిన్ అయినా డిలీట్‌ను వెనక్కి తీసుకునే వీలుంటుంది. స్నేహితురాలి ట్యాబ్‌లోనో, పాత ఫోన్‌లోనో పాప లాగిన్ మిగిలిపోయి ఉంటే నెలాఖరుకు అకౌంట్ మళ్లీ బతికి కూర్చుంటుంది.

## కాపీ తీసుకోండి

చెరిపేసేదానికి కాపీ ఎందుకని అనిపించొచ్చు. మొదటి కారణం, కంపెనీ దగ్గర ఏమేం ఉందో తెలిస్తేనే ఏం చెరపమని అడగాలో తెలుస్తుంది. రెండోది, ఆరు నెలల తర్వాత ఏదైనా విషయం బయటపడితే చూసుకోవడానికి మీ దగ్గర ఏదో ఒకటి ఉంటుంది. పైన చెప్పినలాంటి ఒంటి ఫొటోలు అకౌంట్‌లో ఉంటే మాత్రం ఈ మెట్టు ఎక్కకండి. ఆ కాపీలో అవీ వచ్చేస్తాయి.

Accounts Center లో Your information and permissions తెరవండి. అక్కడ Export your information ఉంటుంది. పాత యాప్‌లలో దాని పేరు Download your information. అందులో తేదీల పరిధిని All time కు మార్చండి. మార్చకపోతే పాత డేటా రాకపోవచ్చు. ఫార్మాట్‌కు HTML ఎంచుకోండి, మామూలు బ్రౌజర్‌లో తెరిచి చదువుకోవచ్చు. ఫైలు కొన్ని నిమిషాల్లో రావొచ్చు, కొన్ని రోజులు పట్టొచ్చు. సిద్ధమైందని మెయిల్ వచ్చాక డౌన్‌లోడ్ చేసుకోవడానికి నాలుగు రోజులే గడువు. అది దాటితే మళ్లీ మొదటినుంచి అడగాలి.

ఫైలు వచ్చాక మూడు విషయాలు చూడండి: లాగిన్ అయిన పరికరాలు, అకౌంట్‌కు ముడిపడ్డ ఇతర యాప్‌లు, ఫోన్‌లోంచి ఎక్కించుకున్న కాంటాక్టులు. పాప "Allow" నొక్కి ఉంటే ఆ ఫోన్‌లో ఉన్న బంధువుల నంబర్లన్నీ అక్కడికి చేరి ఉంటాయి. ఈ మూడింటినీ ఒక కాగితం మీద రాసుకోండి, తర్వాత కంపెనీకి రాసే ఉత్తరంలో పనికొస్తాయి.

## డిలీట్ చేయడం

డిలీట్‌కు ముందు ఒక చిన్న పని ఉంది. అకౌంట్ పోయినా పాప ఇతరులకు పంపిన మెసేజ్‌లు వాళ్ల ఇన్‌బాక్స్‌లలో ఉండిపోవచ్చు. ఇంటి చిరునామా, స్కూలు పేరు, ఫొటో లాంటివి పంపి ఉంటే, ఆ మెసేజ్ మీద నొక్కి పట్టుకుని Unsend చేయండి. లాగిన్ ఉన్నప్పుడే ఇది కుదురుతుంది. పోలీసు ఫిర్యాదు ఉంటే వాళ్లను అడగకుండా ఒక్కటి కూడా తీయకండి.

ఇక అసలు దారి ఇది:

1. Settings లో Accounts Center
2. Personal details
3. Account ownership and control
4. Deactivation or deletion
5. అకౌంట్‌ను ఎంచుకుని Delete account, తర్వాత Continue, కారణం, పాస్‌వర్డ్

అయిదో మెట్టులో జాగ్రత్త. Deactivate account, Delete account రెండూ ఒకే తెర మీద ఉంటాయి. మొదటిది ఎంచుకుంటే ప్రొఫైల్ కనబడకుండా పోతుంది కానీ డేటా మొత్తం భద్రంగా ఉంటుంది. మళ్లీ లాగిన్ అయితే ఎప్పటిలాగే తెరుచుకుంటుంది. నెలల తరబడి అకౌంట్ పోయిందనుకుని నిశ్చింతగా ఉన్నవాళ్లలో చాలామంది నొక్కింది దీన్నే.

Delete నొక్కిన రోజును రాసిపెట్టుకోండి. చివరి తెరలో ఏ తేదీకి శాశ్వతంగా పోతుందో చూపిస్తుంది, దాన్ని స్క్రీన్‌షాట్ తీయండి. ఇన్‌స్టాగ్రామ్ లెక్క ప్రకారం మొదటి 30 రోజులు అకౌంట్ దాచి ఉంచుతారు. చెరిపే పని మొత్తం ముగియడానికి, డిలీట్ అడిగిన నాటి నుంచి 90 రోజుల దాకా పట్టొచ్చు. ఆ తర్వాత కూడా బ్యాకప్‌లలో, చట్టపరమైన అవసరాల కోసం కొన్ని కాపీలు ఉంచుకోవచ్చని కంపెనీ ముందే చెబుతుంది.

ఈ గడువులు అన్ని చోట్లా ఒకేలా ఉండవు. డిస్కార్డ్ అనే చాట్ యాప్‌లో గడువు 14 రోజులు. పాప అక్కడ ఏదైనా సర్వర్‌కు, అంటే చాట్ గ్రూపుకు, యజమాని అయితే దాన్ని ఇంకొకరికి ఇచ్చో, తీసేసో రావాలి, లేకపోతే డిలీట్ ముందుకు సాగదు. పైగా అకౌంట్ పోయినా రాసిన మెసేజ్‌లు ఆ చానళ్లలోనే "Deleted User" పేరుతో మిగిలిపోతాయి. కాబట్టి అక్కడ మెసేజ్‌లను ముందే తీసేయడం ఇంకా అవసరం.

గేమ్ సంగతి విడిగా చూడాలి. గూగుల్ పేజీలో దాని లింకు తెంపినంత మాత్రాన గేమ్ కంపెనీ దగ్గరున్న అకౌంట్ పోదు, లాగిన్ దారి మాత్రమే మూసుకుపోతుంది. అందుకే తెంపకముందే గేమ్‌లోకి వెళ్లి డిలీట్ చేయండి. యాప్‌లో అకౌంట్ తెరిచే వీలు ఇస్తే, అదే యాప్‌లోంచి డిలీట్ మొదలుపెట్టే వీలూ ఉండాలని యాపిల్ 2022 జూన్ 30 నుంచి పట్టుబడుతోంది. గూగుల్ ప్లే నియమం ఇంకో అడుగు ముందుకు వేసింది: యాప్ లేకపోయినా అడగగలిగేలా వెబ్ లింకు కూడా ఇవ్వాలి. ప్లే స్టోర్‌లో ఆ యాప్ పేజీలోని Data safety భాగంలో ఈ లింకు కోసం చూడండి.

## పాస్‌వర్డ్ దొరకకపోతే

పాప మర్చిపోయింది, మెయిల్ కూడా తెరుచుకోవడం లేదు. అప్పుడు మిగిలిన దారి రిపోర్ట్. ఇన్‌స్టాగ్రామ్ హెల్ప్ సెంటర్‌లో 13 ఏళ్లలోపు పిల్లల అకౌంట్లను తెలియజేయడానికి ప్రత్యేక ఫారం ఉంది. దాన్ని నింపడానికి మీకు అకౌంట్ అక్కర్లేదు. యూజర్‌నేమ్ ఒక్క అక్షరం తేడా లేకుండా రాయండి. అన్నిటికంటే నయం, ప్రొఫైల్ లింకునే కాపీ చేసి పెట్టడం. అండర్‌స్కోర్ ఒకటా రెండా అన్న తేడాకే రిపోర్ట్ వేరొకరి అకౌంట్ మీదికి పోతుంది.

యాప్‌లో ప్రొఫైల్ మీద నొక్కే మామూలు రిపోర్ట్ కంటే ఈ ఫారమే మేలు. ఇక్కడ మీరు తల్లినో తండ్రినో అని చెప్పగలుగుతారు. వయసు తక్కువని తెలిసేలా అకౌంట్‌లో ఏదైనా ఉంటే అదీ రాయండి. పదో పుట్టినరోజు కేకు ఫొటో, బయోలో తరగతి పేరు లాంటివి పరిశీలించేవాళ్లకు స్పష్టంగా కనిపిస్తాయి. అకౌంట్ నిలిపేశాక, వయసు రుజువు పంపితే తిరిగి ఇస్తామని పాపకు సందేశం రావొచ్చు. దానికి ఏ గుర్తింపు కార్డూ పంపకండి, అది అకౌంట్‌ను తిరిగి తెరిపించుకోవడానికి ఉన్న దారి.

## డేటా చెరిపేయమని ఉత్తరం

డిలీట్ నొక్కాక ఉత్తరం ఎందుకు? 2019 ఫిబ్రవరిలో అమెరికాలో తేలిన ఒక కేసు చూస్తే అర్థమవుతుంది. తర్వాత టిక్‌టాక్‌గా మారిన మ్యూజికల్.లీ మీద ఫెడరల్ ట్రేడ్ కమిషన్ పెట్టిన కేసు అది. తల్లిదండ్రులు అడిగితే కంపెనీ పిల్లల అకౌంట్లు మూసేసిందట, కానీ వాళ్ల వీడియోలు, ప్రొఫైల్ వివరాలు సర్వర్ల నుంచి తీసేయలేదన్నది ఆ కేసులోని ఆరోపణల్లో ఒకటి. కంపెనీ 57 లక్షల డాలర్లు కట్టి రాజీపడింది. మూయడం, చెరపడం వేర్వేరని ఇంతకంటే స్పష్టంగా చెప్పే సంగతి లేదు.

ఉత్తరంలో బరువంతా ఒక్క వాక్యం మీద ఉంటుంది: "ఈ అకౌంట్ వాడింది పదేళ్ల పాప." అమెరికాలో 13 ఏళ్లలోపు పిల్లల డేటాను కాపాడే కొప్పా చట్టం, అందరి కోసం నడిపే సేవలకు వర్తించాలంటే, వాడేది పిల్లలని ఆ కంపెనీకి నిజంగా తెలిసి ఉండాలి. పాప 2004 అని పెట్టినంతకాలం "మాకు తెలియదు" అని కంపెనీ అనగలదు. మీ ఉత్తరం చేరిన రోజు నుంచి ఆ మాట చెల్లదు. అందుకే మర్యాద కోసం "మా పాప పొరపాటున తెరిచింది, దయచేసి చూడండి" అని నసిగితే పని జరగదు. వయసు అంకెల్లో ఉండాలి.

యూరప్‌లో జీడీపీఆర్ అనే డేటా రక్షణ చట్టంలోని 17వ అధికరణం చెరిపించుకునే హక్కు ఇస్తుంది. పిల్లలకు అందించిన ఆన్‌లైన్ సేవల కోసం సేకరించిన డేటాను అందులో ప్రత్యేకంగా పేర్కొన్నారు. కంపెనీ నెలలోపు జవాబివ్వాలి. చిక్కైన విషయమైతే ఇంకో రెండు నెలలు తీసుకోవచ్చు గానీ, ఆ సంగతి మొదటి నెలలోనే చెప్పాలి. భారత్‌లో 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వాళ్లందరినీ పిల్లలుగానే లెక్కిస్తుంది, వాళ్ల తరఫున హక్కులు అడిగే చోట తల్లిదండ్రులను నిలబెడుతుంది. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి, నిబంధనలు దశలవారీగా అమల్లోకి వస్తాయి. మీరు ఏ దేశంలో ఉంటే ఆ చట్టం పేరు ఉత్తరంలో రాయండి. చట్టం పేరు కనిపిస్తే ఉత్తరం మామూలు కస్టమర్ కేర్ వరుసలోంచి డేటా హక్కులు చూసే విభాగానికి వెళ్లే అవకాశం ఎక్కువ.

ఉత్తరం ఎక్కడికి పంపాలో ఆ సేవ Privacy Policy పేజీ చివర ఉంటుంది. అక్కడ ఫారం ఉంటే ఫారం, మెయిల్ ఉంటే మెయిల్. పాప జీమెయిల్ నుంచే పంపి, మీ మెయిల్‌కు ఒక కాపీ పెట్టుకోండి. ఇలా రాయొచ్చు, కంపెనీకి ఇంగ్లిష్‌లో పంపినా ఇవే అంశాలు ఉండాలి:

> విషయం: 10 ఏళ్ల పాప అకౌంట్ డేటా చెరిపివేతకు అభ్యర్థన
>
> యూజర్‌నేమ్, ప్రొఫైల్ లింకు, నమోదైన మెయిల్ కింద ఇచ్చాను. ఈ అకౌంట్ వాడినది నా కూతురు. ఆమె వయసు 10 ఏళ్లు. నమోదు సమయంలో ఇచ్చిన 2004 అనే పుట్టిన సంవత్సరం నిజం కాదు. అకౌంట్ తెరవడానికి గానీ, ఆమె డేటా సేకరించడానికి గానీ నేను అనుమతి ఇవ్వలేదు.
>
> అకౌంట్‌ను ఫలానా తేదీన డిలీట్ చేశాను. ఆమెకు సంబంధించిన సమాచారమంతా చెరిపేయండి: ప్రొఫైల్, ఫొటోలు, వీడియోలు, మెసేజ్‌లు, ఫోన్ నుంచి తీసుకున్న కాంటాక్టులు, పరికరాల గుర్తింపు వివరాలు, లొకేషన్, ప్రకటనల కోసం తయారు చేసిన ఆసక్తుల జాబితా. ఈ డేటాను ఎవరికి ఇచ్చారో తెలియజేసి, వాళ్లకూ ఈ అభ్యర్థనను పంపండి.
>
> చెరిపాక రాతపూర్వకంగా తెలియజేయండి. ఏదైనా ఉంచుకుంటే ఏది, ఎందుకు, ఎంతకాలమో చెప్పండి.

పాప పూర్తి పేరు, స్కూలు, ఇంటి చిరునామా ఇందులో రాయకండి. చెరపమని అడుగుతూ కొత్త డేటా చేతికివ్వడం ఎందుకు? మీరు తల్లి లేదా తండ్రి అని రుజువు అడిగితే, ముందు నమోదైన మెయిల్ నుంచే రాస్తున్నానని గుర్తుచేయండి. అప్పటికీ పత్రం కావాలంటే, పుట్టిన సంవత్సరం, తల్లిదండ్రుల పేరు మాత్రం కనిపించేలా మిగతావి, నంబర్లతో సహా, నల్లగా కప్పేసి పంపండి. కప్పిన పత్రాన్ని మళ్లీ ఫొటో తీసి ఆ ఫొటో పంపడం నయం. కొన్ని యాప్‌లలో గీసిన నల్లగీతను తీసేస్తే కింద ఉన్నది కనిపిస్తుంది.

తరచూ వచ్చే జవాబు ఇది: "యాప్‌లోకి వెళ్లి మీరే డిలీట్ చేసుకోండి" అంటూ ఒక లింకు. అది మీ ప్రశ్నకు జవాబు కాదు. అదే మెయిల్‌కు తిరుగు జవాబిస్తూ, డిలీట్ అయిపోయిందనీ, మీరు అడిగింది డేటా చెరిపివేత గురించనీ, ఎంతకాలం ఏది ఉంచుకుంటున్నారో చెప్పాలనీ రాయండి. కొత్త మెయిల్ మొదలుపెట్టొద్దు, గడువు మొదటి ఉత్తరం తేదీ నుంచే లెక్కకు రావాలి.

## గడువు లెక్క, పరీక్ష

డిలీట్ అయిందో లేదో చూద్దామని లాగిన్ ప్రయత్నించకండి. మొదటి 30 రోజుల్లో లాగిన్ అయితే డిలీట్ రద్దయిపోవచ్చు. దానికి బదులు, ఎందులోనూ లాగిన్ కాని బ్రౌజర్ కిటికీలో ప్రొఫైల్ లింకు తెరవండి. పేజీ దొరకలేదని వస్తే అకౌంట్ దాచి ఉందనో, పోయిందనో అర్థం. రెండింటికీ తేడా బయటికి తెలియదు కాబట్టి 31వ రోజున ఇంకోసారి చూడండి, కంపెనీ పంపిన మెయిల్‌తో సరిపోల్చండి.

ప్రొఫైల్ పోయినా గూగుల్ వెతుకులాటలో పాత ఫొటో, పేరు కొన్నాళ్లు కనిపించొచ్చు. అది సెర్చ్ ఇంజిన్ దాచుకున్న పాత కాపీ. గూగుల్‌లో Refresh Outdated Content అనే పనిముట్టు దీనికోసమే ఉంది. లింకు ఇస్తే, అసలు పేజీ లేదని చూసుకుని ఫలితాల నుంచి తీసేస్తుంది.

ఉత్తరానికి చట్టం ఇచ్చిన గడువు దాటినా, జవాబు దాటవేసినట్టున్నా, డేటా రక్షణ సంస్థకు ఫిర్యాదు చేయొచ్చు. వాళ్లు చూసేవి తేదీలు: డిలీట్ తెర స్క్రీన్‌షాట్, ఉత్తరం పంపిన మెయిల్, వచ్చిన జవాబులు. ఇలాంటి ఫిర్యాదులు గాలికి పోవు. బ్రిటన్ సమాచార కమిషనర్ 2023 ఏప్రిల్‌లో టిక్‌టాక్‌కు 1.27 కోట్ల పౌండ్ల జరిమానా వేసింది. 13 ఏళ్లలోపు పిల్లలు తల్లిదండ్రుల అనుమతి లేకుండా చేరుతున్నా వాళ్ల డేటాను వాడుకోవడం ఆ నిర్ణయంలో ఒక ముఖ్య కారణం.

## చివరిగా జీమెయిల్

ఇన్‌స్టాగ్రామ్ నుంచి, గేమ్ నుంచి రాతపూర్వక జవాబులు వచ్చాక జీమెయిల్ వంతు. ఇక్కడ రెండు దారులు ఉన్నాయి. స్కూలు పనికి పాపకు మెయిల్ కావాలనుకుంటే పుట్టినతేదీని నిజం చేసి, పిల్లల అకౌంట్లను తల్లిదండ్రులు చూసుకోవడానికి గూగుల్ ఇచ్చే ఫ్యామిలీ లింక్ ద్వారా అకౌంట్‌ను మీ పర్యవేక్షణ కిందికి తెచ్చుకోవచ్చు. తేదీ మార్చాక వయసు చాలదని గూగుల్ గుర్తిస్తే, పర్యవేక్షణ ఏర్పాటు చేసుకోవడానికి 14 రోజులు ఇస్తుంది. ఆ లోపు చేయకపోతే అకౌంట్ నిలిచిపోతుంది. అయితే ఈ దారిలో యూట్యూబ్‌లో చూసినవి, వెతికినవి, మ్యాప్స్ చరిత్ర అలాగే మిగిలిపోతాయి. `myactivity.google.com` లో వాటిని విడిగా తుడిచేయాలి.

మెయిల్ అక్కర్లేదనుకుంటే Google Account లో Data & privacy, అందులో Delete your Google Account. దానికి ముందు కంపెనీలతో నడిచిన ఉత్తరాలన్నీ మీ మెయిల్‌కు ఫార్వర్డ్ చేసుకోండి. `myaccount.google.com/connections` లో గేమ్ పేరు, ఇంకేదైనా సైటు పేరు మిగల్లేదని మరోసారి చూడండి. జాబితా ఖాళీగా ఉన్నాకే డిలీట్ నొక్కండి.